గంటన్నర ఉడికినా పప్పు పలుకుగానే ఉందా?

లండన్‌లో చదువుకునే అబ్బాయి తొలిసారి టమాటా పప్పు వండబోయి ఇంటికి ఫోన్ చేస్తాడు.

"గ్లాసు కందిపప్పు కడుగు. రెండు టమాటాలు, ఉసిరికాయంత చింతపండు, పసుపు వేసి మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి. మూడు విజిల్స్ వస్తే చాలు నాన్నా."

"కుక్కర్ లేదమ్మా, గిన్నె ఉంది."

"అయితే ఇంకాసేపు ఉడకనివ్వు."

గంటన్నర తర్వాత టమాటా కరిగిపోయి ఉంటుంది, పప్పు మాత్రం బద్దలుగానే ఉంటుంది. గుత్తితో ఎనిపితే కింద జారిపోతుంది. అమ్మ ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యమంటుంది. ఎన్ని పోసినా లాభం లేదు.

ముందు ప్యాకెట్ మీద పేరు చదవండి. ఎవరూ చెయ్యని పని ఇదే. శనగపప్పూ, అక్కడి సూపర్‌మార్కెట్లో దొరికే పసుపు బఠానీ బద్దలూ చూడ్డానికి కందిపప్పులాగే ఉంటాయి. అవైతే ఉడికే తీరే వేరు.

కందిపప్పే అయితే తప్పు పులుపుది. బద్దను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపు నీళ్లలో త్వరగా కరగదు. కుక్కర్లో నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి అమ్మకి ఈ తేడా ఎప్పుడూ కనబడలేదు. గిన్నెలో 100 దాటదు. అమ్మ చెప్పింది తప్పు కాదు, కుక్కర్ లెక్క గిన్నెకి పనికిరాదు, అంతే.

ఇప్పటికే పులుపు పడిపోతే చింతపండు పిప్పి తీసేసి, కప్పు వేడినీళ్లు పోసి, చెంచాలో ఎనిమిదో వంతు వంటసోడా వెయ్యండి. నురుగు పొంగుతుంది, మంట తగ్గించి వెయ్యాలి. అక్కడ దాని పేరు బైకార్బనేట్ ఆఫ్ సోడా. బేకింగ్ పౌడర్ వద్దు, అందులో పులుపు కలిసే ఉంటుంది. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, రెండోసారి వెయ్యకండి. పావుగంట తర్వాత మళ్లీ నొక్కి చూడండి.

ఈసారి వండేటప్పుడు గ్లాసు పప్పుని గంటసేపు వేడినీళ్లలో నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, నాలుగు గ్లాసుల నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి మూత ఓరగా పెట్టి ఉడికించండి. అరగంట తర్వాత ఒక బద్ద తీసి రెండు వేళ్ల మధ్య నొక్కండి. మధ్యలో తెల్లటి పలుకు తగిలితే టమాటా వెయ్యకూడదు. వెన్నలా నలిగాకే టమాటా, అది మగ్గాక చింతపండు పులుసు, ఉప్పు, చివర్లో పోపు.

పులుపు వెయ్యకముందే పప్పు మొండికేస్తుంటే కెటిల్ అడుగు చూడండి. తెల్లటి పొర కడితే నీళ్లలో సున్నం ఎక్కువ. లండన్ కుళాయి నీళ్లు అలాంటివే. మొదట్లోనే చిటికెడు సోడా వెయ్యండి, లేదా ఫిల్టర్ నీళ్లు వాడండి. ఏళ్ల తరబడి అల్మరాలో ఉన్న పప్పైతే దానికి ఏ చిట్కా పనిచెయ్యదు, కొత్త ప్యాకెట్ కొనండి.