రెండు ఉద్యోగాల్లో ఏది తీసుకోవాలి? లాభనష్టాల జాబితా చాలనప్పుడు మార్కుల పట్టిక ఎలా వేయాలి

మా అక్క కూతురు నెల్లూరులో బీకాం చదివి, రెండేళ్లు ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసింది. మొన్న తనకు ఒకేసారి రెండు ఆఫర్లు వచ్చాయి. ముత్తుకూరు వైపున్న రొయ్యల ఎగుమతి ప్లాంటులో అకౌంట్స్ పని ఒకటి, చేతికి నెలకు 30,000. రెండోది చెన్నైలో, 38,000. "ఎదుగుదల చెన్నైలోనే మామా, కానీ టెన్షన్‌గా ఉంది" అంటూ ఒక కాగితం తెచ్చింది.

కాగితం మధ్యలో గీత గీసి లాభాలు, నష్టాలు రాసింది. నెల్లూరు వైపు లాభాలు ఆరు, చెన్నై వైపు మూడు. ఆ ఆరింటిలో "అద్దె లేదు", "ఇంటి తిండి", "అమ్మానాన్నల దగ్గర" అని మూడు ఉన్నాయి. అవన్నీ ఇంటి దగ్గర ఉండటమనే ఒక్క విషయానికి పెట్టిన మూడు పేర్లు. లాభనష్టాల జాబితాలో ప్రతి వరుసకూ ఒకే విలువ ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, ఎక్కువ వరుసలు రాసిన వైపే మనసు మొగ్గుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో, రెండు వైపులా సమాన బరువున్నవాటిని కొట్టేస్తూ పోవాలని చెప్పాడు. బరువు చూడాలన్న సంగతి అప్పుడే ఉంది, మనం వరుసలు లెక్కపెట్టి ఆపేస్తున్నాం.

అయినా జాబితాను పారేయకండి. మొదటి మెట్టు అదే. దానిలో ముందు వెతకాల్సింది అసలు ఒప్పుకోలేని షరతు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఆ ఆఫర్‌ను అక్కడే వదిలేయాలి. పట్టికలోకి తెస్తే మంచి జీతానికి వచ్చిన మార్కులు ఆ తప్పును కప్పేస్తాయి.

తర్వాత ఒకే మాటను తిప్పి చెప్పిన వరుసలను కలపండి. మా అమ్మాయికి చివరికి నాలుగు మిగిలాయి: నెలకు మిగిలే డబ్బు, ఎదుగుదల, ఇంటి దగ్గర ఉండటం, పని వేళలు. ఆఫర్ లెటర్‌లోని జీతాన్ని కాకుండా ఖర్చులు పోగా మిగిలేదాన్ని రాయండి. చెన్నైలో హాస్టల్, తిండికి 11,000, ప్రయాణాలకు 3,000 పోతే మిగిలేది 24,000. నెల్లూరులో పెట్రోలుకు 2,000 పోతే 28,000. ఎక్కువ జీతమే తక్కువైంది! అద్దె, తిండి ఈ లెక్కలోకి వచ్చేశాయి కాబట్టి "ఇంటి దగ్గర" అన్నచోట వాటిని మళ్లీ లెక్కపెట్టకూడదు.

ఇప్పుడు కొలత పెట్టండి. డబ్బుకు 20,000 మిగిలితే సున్నా, 30,000 మిగిలితే పది అనుకున్నాం. మిగతావాటికీ సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో ఒక్కో వాక్యంలో రాసుకున్నాం.

ఆ తర్వాతే వెయిటేజీ, మొత్తం 100 వచ్చేలా. చాలామంది తప్పేది ఇక్కడే. "డబ్బు ముఖ్యమా, ఎదుగుదల ముఖ్యమా" అని అడిగితే సరైన జవాబు రాదు. "నెలకు మిగిలేది 20 వేల నుంచి 30 వేలకు పెరగడం నాకు ఎంత ముఖ్యం?" అని అడగాలి. ఇంట్లో ఈఎంఐ ఉంటే జవాబు ఒకలా, లేకపోతే ఇంకోలా వస్తుంది. ఇంకో జాగ్రత్త, వెయిటేజీ రాసేశాకే మార్కులు వేయాలి. లేకపోతే మనకు నచ్చిన ఆఫర్ గెలిచేలా చేతులే సర్దేస్తాయి.

తను వేసిన పట్టిక ఇది. మార్కులు పదికి.

| అంశం | వెయిటేజీ | నెల్లూరు | చెన్నై |
|---|---|---|---|
| మిగిలే డబ్బు | 25 | 8 | 4 |
| ఎదుగుదల | 40 | 4 | 8 |
| ఇంటి దగ్గర | 20 | 9 | 4 |
| పని వేళలు | 15 | 4 | 7 |

వెయిటేజీని మార్కులతో గుణించి కూడితే నెల్లూరుకు 600, చెన్నైకి 605. వెయ్యికి ఐదు తేడాను గెలుపు అనుకోకూడదు. ఎదుగుదల వెయిటేజీని 35కు తగ్గించి, ఆ ఐదూ డబ్బుకు కలిపి చూశాం. నెల్లూరు 620, చెన్నై 585. ఇంత చిన్న మార్పుకే ఫలితం తిరగబడితే, పట్టిక ఇంకా జవాబు చెప్పలేదన్నమాట. కానీ ఏ సంగతి కనుక్కోవాలో చెప్పింది. జాబితా చేయలేని పని ఇదే.

మా పట్టికలో అంతా చెన్నైకి ఎదుగుదలలో వేసిన ఎనిమిది మీద నిలబడి ఉంది. ఆ ఎనిమిది ఎక్కడిదని అడిగితే, "పెద్ద ఊరు కదా" అంది. అప్పుడు రెండు ఆఫీసులకూ ఫోన్ చేయించాను. అడగమన్న ప్రశ్న ఒక్కటే: ఇదే సీటులో మూడేళ్ల కిందట చేరినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు?

చెన్నైవాళ్లు మొదటి రెండేళ్లూ బిల్లులు ఎక్కించే పనే ఉంటుందని చెప్పారు. ప్లాంటువాళ్లు చెప్పినదాంట్లో మార్కులు మార్చేంత కొత్త సంగతి ఏమీ లేదు. చెన్నై ఎనిమిది ఆరైంది, మొత్తం 525కి దిగింది. ఎదుగుదల వెయిటేజీని 50కి పెంచి, డబ్బును 15కు తగ్గించి చూసినా నెల్లూరుకు 560, చెన్నైకి 545. ఈసారి అంకెలు కదిపినా ఫలితం మారలేదు. రొయ్యలు ఎక్కువగా వచ్చే రోజుల్లో ప్లాంటులో రాత్రి ఎంతసేపు ఉండాలో కూడా కనుక్కుని, సోమవారం తను ప్లాంటువాళ్లకు ఒప్పుకుంటున్నానని మెయిల్ పెట్టింది.