బ్యాంకులో పెద్ద మొత్తం క్యాష్ కట్టాక ప్రశ్న వస్తే ఎలా జవాబివ్వాలి?

సేవింగ్స్ ఖాతాలో లక్షల్లో నగదు కట్టిన కొద్దిరోజులకు బ్రాంచి నుంచి ఫోన్ వస్తుంది. "ఏమండీ, ఈ నెల కట్టిన క్యాష్ ఎక్కడిదో ఒక లెటర్ రాసి ఇస్తారా?" అంటారు. చాలామందికి టెన్షన్ పట్టుకునేది అక్కడే. ఫోన్ వచ్చిందంటే తప్పు చేశామని కాదు. అలాగని "నా డబ్బు, నా ఇష్టం" అనేస్తే సరిపోదు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో, మీ జవాబు ఎక్కడ నమోదవుతుందో తెలిస్తే లెటర్ రాయడం పెద్ద పనేమీ కాదు.

ఒక మిర్చి రైతును ఊహించుకుందాం. ఆయన ఖాతాలో మామూలుగా ముప్పై, నలభై వేలకు మించి ఉండదు. ఎప్పుడో ఇచ్చిన కేవైసీ ఫారంలో ఏడాది ఆదాయం 2 లక్షలని రాసి ఉంది. 2025 ఏప్రిల్ 8న 5,40,000 రూపాయలు, 22న 4,80,000 రూపాయలు క్యాష్ కట్టాడు. రెండూ కలిపి 10,20,000.

1. ఏ ప్రశ్న ఎందుకు వచ్చిందో విడదీయండి

ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు నడుస్తాయి. జనం వాటిని కలిపేసుకుని కంగారుపడతారు.

మొదటిది కౌంటర్ దగ్గరే అయిపోతుంది. 2025 ఏప్రిల్ నాటి నియమం ప్రకారం ఒకే రోజు 50 వేలకు మించి నగదు కడితే పాన్ అడిగేవారు, లేకపోతే ఫారం 60 తీసుకునేవారు. మన రైతుకు రెండుసార్లూ ఇది జరిగింది.

రెండోది నగదు లావాదేవీల నివేదిక. బ్యాంకు వాళ్లు సీటీఆర్ అంటారు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద 2005లో వచ్చిన నిబంధనల ప్రకారం 10 లక్షలు దాటిన నగదు లావాదేవీని ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు తర్వాతి నెల 15లోగా పంపాలి. ఒక్కొక్కటి 10 లక్షల లోపే ఉన్నా, ఒకదానితో ఒకటి ముడిపడిన లావాదేవీలు నెలలో కలిపి 10 లక్షలు దాటితే అవీ ఇందులోకి వస్తాయి. కాబట్టి మన రైతు ఏప్రిల్ లెక్క మే 15లోగా వెళ్తుంది. అది అంకెను బట్టి వెళ్లే నివేదిక. డబ్బు మంచిదా చెడ్డదా అని అందులో ఎవరూ తీర్పు చెప్పరు, దాని కోసం ఎవరూ మీకు ఫోనూ చేయరు.

ఫోన్‌కు కారణం మూడోది. బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీ ఖాతా అలవాటును, కేవైసీలోని ఆదాయాన్ని, వచ్చిన డబ్బును పోల్చి చూస్తుంది. ఏడాదికి 2 లక్షలన్న మనిషి రెండు వారాల్లో 10 లక్షలు కడితే అలర్ట్ లేస్తుంది. ఆ అలర్ట్‌ను మూయాలంటే బ్రాంచి వాళ్లు కారణం రాయాలి. ఆ కారణం కోసమే మీకు ఫోన్. అంటే ఇక్కడ అడ్డం పడింది 10 లక్షలన్న అంకె ఒక్కటే కాదు, పొంతన కుదరకపోవడం. అదే డబ్బు రోజూ గల్లా పెట్టె నింపుకునే వ్యాపారి కరెంట్ ఖాతాలో పడితే ఎవరూ ఏమీ అడగకపోవచ్చు. ఇటు 3 లక్షలకే ప్రశ్న వచ్చే ఖాతాలూ ఉంటాయి.

2. పాస్‌బుక్ ప్రింట్ వేయించి, అందులో ఏముందో చదవండి

జవాబు రాయకముందే ఇది చేయండి. మన రైతు పాస్‌బుక్‌లో మనకు కావలసిన వరుసలు ఇలా ఉంటాయి. పదాలు బ్యాంకును బట్టి మారతాయి.

```
17-01-2025 TO CASH CHQ SELF    3,60,000.00 Dr     38,500.00
08-04-2025 BY CASH DEP SELF    5,40,000.00 Cr   5,82,310.00
22-04-2025 BY CASH DEP SELF    4,80,000.00 Cr  10,62,310.00
```

BY CASH అంటే నగదు జమ, TO CASH అంటే నగదు తీసుకున్నారని. SELF అంటే ఖాతాదారే కట్టాడని. పాస్‌బుక్‌లో ఎంట్రీలు అర్థమయ్యేలా ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 జూన్‌లో బ్యాంకులకు చెప్పింది. నగదు జమ అయితే అది నగదు జమ అని, కట్టింది ఖాతాదారా వేరే మనిషా అన్నది కనిపించాలి. డిపాజిట్ మెషీన్‌లో వేస్తే చాలా చోట్ల CDM అని పడుతుంది.

ఇక పాస్‌బుక్‌లో ఉండనివి చూడండి. డబ్బు ఎక్కడిదో ఉండదు. ఏ నోట్లు ఎన్ని అన్నది పే-ఇన్ స్లిప్‌లో ఉంటుంది, పాస్‌బుక్‌లో కాదు. సీటీఆర్ వెళ్లిందని రాయరు, అలర్ట్ లేచిందనీ రాయరు. అనుమానాస్పద లావాదేవీ అని నివేదిక పంపితే ఆ సంగతి ఖాతాదారుకు చెప్పకూడదని నిబంధనే ఉంది. కౌంటర్‌లో అమ్మాయిని ఎంత బతిమాలినా ఆమె చెప్పలేదు, బహుశా ఆమెకూ తెలియదు.

ఇంకో చిన్న చిక్కుంది. చాలాకాలం ప్రింట్ వేయించకపోతే కొన్ని బ్యాంకుల్లో పాత ఎంట్రీలన్నీ కలిసిపోయి ఒకే వరుసగా పడతాయి. మన రైతుకు జనవరి 17 వరుస ప్రాణం లాంటిది. అది అలా కలిసిపోతే స్టేట్‌మెంట్ అడిగి తీసుకోవాలి.

3. కట్టిన ప్రతి మొత్తాన్ని ముక్కలుగా విడగొట్టండి

ఎక్కువమంది తడబడేది ఈ మెట్టులోనే. "వ్యవసాయం మీద వచ్చిందండీ, కొంత దాచుకున్నది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. బ్రాంచి వాళ్లకు కావలసింది పాస్‌బుక్‌లోని అంకెతో సరిపోయే లెక్క.

22న కట్టిన 4,80,000 తేలిక. అది మిర్చి అమ్మిన డబ్బు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు లాట్లు అమ్మితే 1,80,000, 1,65,000, 1,35,000 వచ్చాయి. మూడింటికీ మార్కెట్ యార్డులో అమ్మకం లెక్క రాసిచ్చే కాగితాలు, అంటే తక్‌పట్టీలున్నాయి, కూడితే సరిగ్గా 4,80,000. ఒక్కో అమ్మకం 2 లక్షల లోపు ఉండటం కూడా ముఖ్యమే. పంట డబ్బుకు పన్ను లేకపోయినా, ఒకరి దగ్గర ఒకే రోజు గానీ, ఒకే లావాదేవీకి గానీ 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదన్న నియమం రైతుకూ వర్తిస్తుంది. పన్నుల బోర్డు 2017 నవంబర్‌లో ఇచ్చిన వివరణలో ఈ 2 లక్షల హద్దునే చెప్పింది.

8న కట్టిన 5,40,000లో రెండు ముక్కలున్నాయి. 3,60,000 జనవరి 17న తీసిన డబ్బే. కూతురి పెళ్లి ఖర్చులకని తీశాడు, ముహూర్తం వాయిదా పడటంతో తిరిగి కట్టేశాడు. తీసినట్టు ఎంట్రీ ఉంది, కానీ మధ్యలో దాదాపు 80 రోజుల ఎడం ఉంది. అన్ని రోజులు ఇంట్లో ఎందుకుంచావని అడగడం సహజం. శుభలేఖ ప్రూఫ్, కల్యాణ మండపం బుకింగ్ రద్దు చేసుకున్న రసీదు లాంటివి ఉంటే ఆ ఎడం పూడుతుంది. ఎడం పెరిగే కొద్దీ ఈ వాదన పలచబడుతుంది.

మిగతా 1,80,000 బావమరిది తిరిగిచ్చిన చేబదులు. మొత్తం లెక్కలో బలహీనమైన ముక్క ఇదే. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడం, తీర్చడం రెండింటికీ ఆదాయపు పన్ను చట్టం ఆంక్షలు పెట్టింది. కొన్ని మినహాయింపులున్నా, తీర్చినవాడికి జరిమానా సమస్య రావచ్చు. అలాగని దీన్ని మిర్చి డబ్బులో కలిపేసి రాయడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే తక్‌పట్టీల మొత్తం వెంటనే పట్టిస్తుంది. నిజం నిజంగానే రాయాలి, బావమరిది దగ్గర సంతకంతో కాగితం తీసుకోవాలి, అవసరమైతే ఆడిటర్‌ను అడగాలి. మొదట్లోనే ఖాతా నుంచి ఖాతాకు పంపించుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

4. లెటర్ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి

ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. బ్యాంకు నుంచే అంటూ ఎవరైనా ఓటీపీ అడిగితే అది ఈ ప్రశ్న కాదు, మోసం. నేరుగా మీ బ్రాంచికే వెళ్లండి. లెటర్ ఇంత ఉంటే చాలు:

> బ్రాంచి మేనేజర్ గారికి,
> నా సేవింగ్స్ ఖాతాలో 08-04-2025న కట్టిన రూ. 5,40,000లో రూ. 3,60,000 ఇదే ఖాతా నుంచి 17-01-2025న తీసుకున్నది. పెళ్లి వాయిదా పడినందున తిరిగి కట్టాను. రూ. 1,80,000 నా బావమరిదికి ఇచ్చిన చేబదులు తిరిగి వచ్చింది. 22-04-2025న కట్టిన రూ. 4,80,000 మిర్చి అమ్మకం డబ్బు. తక్‌పట్టీలు మూడు, మండపం రద్దు రసీదు, బావమరిది ఇచ్చిన కాగితం జత చేశాను. కేవైసీలో నా ఆదాయం వివరాలు కూడా మార్చవలసిందిగా కోరుతున్నాను.

చివరి వాక్యాన్ని చాలామంది మర్చిపోతారు. 2 లక్షలన్న పాత అంకె అలాగే ఉంటే వచ్చే పంటకు మళ్లీ ఇదే ఫోన్ వస్తుంది. అయితే ఆదాయాన్ని పెంచి రాయకండి, పట్టాదారు పాస్‌బుక్‌లోని ఎకరాలకు తగ్గట్టుగానే ఉండాలి.

జిరాక్సులే ఇచ్చి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. రెండో కాపీ మీద తేదీతో బ్రాంచి ముద్ర అడగండి. బ్రాంచి వాళ్లు మీ వివరణను అలర్ట్ కింద నమోదు చేసి పైకి పంపుతారు. అలర్ట్ మూసేయాలా, అనుమానాస్పదమని నివేదించాలా అన్నది బ్యాంకు ప్రిన్సిపల్ ఆఫీసర్ చూస్తారు. ఆ నమోదు మీకు కనిపించదు, కాబట్టి మీరేం చెప్పారో నిరూపించేది ముద్ర పడిన ఆ కాపీయే. జవాబివ్వకపోతే ఆ అలర్ట్ కింద వివరణ ఇవ్వలేదని పడుతుంది.

5. ఏడాది తర్వాత ఏఐఎస్ చూడండి

ఏఐఎస్ అంటే యాన్యువల్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్, పన్ను శాఖ దగ్గర మీ పేరు మీద ఉండే రికార్డు. సేవింగ్స్ ఖాతాల్లో ఆర్థిక సంవత్సరం మొత్తానికి 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు తెలియజేయాలి. కరెంట్ ఖాతాకు ఈ హద్దు 50 లక్షలు. 2025–26 లెక్కకు గడువు 2026 మే 31. ఆ తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో AIS తెరిచి SFT Information కింద చూస్తే 10,20,000 కనిపిస్తుంది.

గమనించండి, అక్కడ మొత్తం 10,20,000 ఉంటుంది. తీసి మళ్లీ కట్టిన 3,60,000ను అందులోంచి తగ్గించరు. అది ఆదాయం అంకె కాదు, కట్టిన నగదు అంకె. మొత్తం సరిగ్గానే ఉంటే ఫీడ్‌బ్యాక్‌లో `Information is correct` ఎంచుకోవచ్చు, దానివల్ల 10 లక్షల ఆదాయం ఒప్పుకున్నట్టు కాదు. జాయింట్ ఖాతా అయితే అదే మొత్తం ఇద్దరి పేరు మీదా కనిపించవచ్చు. అప్పుడు `Information is not fully correct` ఎంచుకుని మీ వాటా ఎంతో చెప్పాలి. నోటీసు వస్తే మాత్రం బ్యాంకుకు ఇచ్చిన లెటర్‌లోని అంకెలే ఇక్కడా చెప్పాలి. ఒక చోట చేబదులు, ఇంకో చోట మిర్చి అంటే ఆ తర్వాత ఏ కాగితం చూపించినా నమ్మకం కలగదు.

రోజుకు 49 వేల చొప్పున కడితే?

పాన్ అడగరని కొందరు ఇచ్చే సలహా ఇది. నెలలో ఇరవైసార్లు 49,000 చొప్పున పడితే పాస్‌బుక్‌లో ఆ వరుసలే కథ చెప్పేస్తాయి. ఏడాది మొత్తం లెక్కలో ఎలాగూ కలుస్తాయి. పైగా పరిమితిని తప్పించుకోవడానికి ముక్కలు చేశారన్నదే అనుమానానికి కారణమవుతుంది. అనుమానాస్పద నివేదికకు కనీస మొత్తమంటూ ఏదీ లేదు. మన రైతు రెండుసార్లలో కట్టి, పాన్ ఇచ్చి, లెటర్ రాసినదానికి జవాబుంది. ఇరవైసార్లు ఎందుకు కట్టావంటే చెప్పడానికి ఏముంటుంది?