బయోసిమిలర్లు, 3వ పాఠం: ఇన్సులిన్ గ్లార్జిన్ మార్పును పరిశీలించడం

గత పాఠంలో చూసిన మెట్‌ఫార్మిన్ రసాయన చర్యతో తయారయ్యే చిన్న అణువు. ఏ కంపెనీ చేసినా అణువు అదే కనుక, మూల మందుతో సమానంగా రక్తంలోకి చేరుతున్నదని నిరూపిస్తే జెనెరిక్‌కు సాధారణంగా చాలును. ఇన్సులిన్ గ్లార్జిన్ సంగతి వేరు. 53 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌ను జీవకణాల చేత చేయిస్తారు. మూల మందు లాంటస్‌ను ఇ. కోలై బాక్టీరియాలో పండిస్తారు; బెంగళూరులోని బయోకాన్ సంస్థ తన గ్లార్జిన్‌ను ఒక జాతి ఈస్టులో పండిస్తుంది. ఈస్టుకు ప్రోటీన్ మీద చక్కెర అణువులను అతికించే గుణం ఉన్నందున, అలా మారిన అణువులను శుద్ధిలో తొలగించి, నిర్మాణాన్నీ, రక్తంలో చక్కెర తగ్గే తీరునూ, శరీరం ప్రతిరక్షకాలను పుట్టించడాన్నీ మూల మందుతో పోల్చి చూపించవలసి ఉంటుంది. అందువల్లనే దీనిని జెనెరిక్ అనకుండా బయోసిమిలర్ అంటారు. మన దేశపు నిబంధనలలో దీని పేరు ‘సిమిలర్ బయోలాజిక్’.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. చంద్రగిరి నుండి తిరుపతికి వచ్చి మందులు కొనుక్కునే ఒక పెద్దావిడ రాత్రిపూట మూల మందు 20 యూనిట్లు వేసుకుంటారు. ధర భారమైనదని చెప్పగా డాక్టరుగారు బయోసిమిలర్ రాశారు. ధర కాక, సరుకు అందకపోవడం, ఆసుపత్రి కొనుగోలు ఒప్పందం మారడం కూడా ఇటువంటి మార్పులకు కారణాలే. అయితే డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందుల చీటీలో ఉన్నదాని బదులు మరొకటి ఇవ్వడానికి మన ఔషధ నియమాలు ఒప్పుకోవు కనుక, ఫార్మసిస్టు తానుగా మార్చకుండా డాక్టరును అడగాలి.

రెండూ మిల్లీలీటరుకు 100 యూనిట్ల బలమే అయితే సాధారణంగా 20 యూనిట్లనే కొనసాగించి, మొదటి రెండు వారాలు పరగడుపు చక్కెరను తరచుగా చూస్తారు. చీటీ మీద గ్లార్జిన్ అని మాత్రమే కాక, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు కూడా రాసుకోవాలి. తరువాత ఏదైనా ఇబ్బంది వస్తే ఏ ఉత్పత్తి వల్ల వచ్చిందో వాటితోనే తేలుతుంది.

నా దృష్టిలో అసలు ప్రమాదం ప్రోటీన్‌లోని స్వల్ప తేడా కన్నా సిరంజిలోనే ఎక్కువ. ఆవిడ ఇంతవరకు పెన్ను వాడి, ఇప్పుడు సీసాకు మారారనుకుందాం. మన షాపులలో ఎర్ర మూత ఉన్న, మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కన గీతలు గీసిన సిరంజి ఇంకా దొరుకుతుంది. దానిలో 20వ గీత వరకు తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. 100 యూనిట్ల బలమున్న గ్లార్జిన్‌లో అది 50 యూనిట్లు! తెల్లవారుజామున చెమటలు, వణుకు, అయోమయం కనిపిస్తే వెంటనే చక్కెర పరీక్షించి, చక్కెర తగ్గి ఉండి ఆవిడ మింగగలిగితే గ్లూకోజు నీళ్లు తాగించాలి; తరువాత కొత్త మందును నిందించేముందు సిరంజి మూత రంగు చూడాలి. గ్లార్జిన్‌కు కావలసినది నారింజ మూత సిరంజి.

అభ్యాసం: ఒకరు మిల్లీలీటరుకు 300 యూనిట్ల గ్లార్జిన్‌ను రోజుకు 30 యూనిట్లు వేసుకుంటున్నారు. వారిని 100 యూనిట్ల బలానికి మార్చేటప్పుడు మోతాదును 20 శాతం తగ్గించాలని సూచన ఉన్నది. కనుక డాక్టరు 24 యూనిట్లతో మొదలుపెడతారు. బలం వేరైన ఈ మార్పును బయోసిమిలర్ మార్పుగా లెక్కించకూడదు.