కనుమ రాత్రి వాంతయితే బిళ్ళ లెక్క ఏమవుతుంది?

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో మా మందుల షాపు. పండగకి నాలుగు రోజుల ముందు నుంచి గర్భనిరోధక బిళ్ళల పేకెట్లు కొనేవాళ్ళు పెరుగుతారు. కొందరు డబ్బులిచ్చేసి, పక్కనెవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా అడుగుతారు: "మందు మీద మందు పడితే పన్చెయ్యదట, నిజమేటి మేడమ్?" మన భాషలో రెండూ మందే కావడం వల్ల సగం గందరగోళం అక్కడే పుడుతుంది. ఈ వ్యాసంలో సారా, బీరు, విస్కీ, కల్లు అన్నిటినీ తాగుడు అంటాను, రెండోదాన్ని బిళ్ళ అంటాను.

తాగుడు బిళ్ళని చెడగొట్టదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి బిళ్ళలోని హార్మోన్లని కాలేయం త్వరగా కరిగించేసేలా చేస్తాయి. అవి వాడేవాళ్ళకి ఈ బిళ్ళ నమ్మకమైనది కాదు. తాగుడు ఆ జాబితాలో లేదు. బిళ్ళ వేసుకున్న రోజు రెండు గ్లాసులు తాగినంత మాత్రాన రక్షణ తగ్గదు. ఏళ్ళ తరబడి తాగి కాలేయం పాడైన వాళ్ళ సంగతి వేరు. కామెర్లు ఉన్నవాళ్ళు, సిర్రోసిస్ ముదిరినవాళ్ళు ఈ బిళ్ళ జోలికే పోకూడదు, డాక్టరుని అడిగి ఇంకో పద్ధతి ఎంచుకోవాలి.

మరి తాగిన రాత్రి బిళ్ళ ఎందుకు తప్పుతుంది? ఒకటి, మత్తులో మర్చిపోయి పడుకోవడం. రెండోది వాంతి. మొదటిది అందరికీ తెలుసు కాబట్టి రెండోదాని గురించే చెబుతాను.

బిళ్ళ కడుపులో కరిగి, చిన్నపేగుకి దిగి, అక్కణ్ణుంచి రక్తంలో కలవాలి. మూడు గంటలు గడిస్తే ఆ పని దాదాపు అయిపోయినట్టే. కొన్ని మార్గదర్శకాలు రెండు గంటలు చాలంటాయి. నేను మూడే చెబుతాను, అదనంగా ఒక బిళ్ళ పోతే పోయేదేం లేదు కనక. వేసుకున్న మూడు గంటల లోపు వాంతయితే అది వేసుకోనట్టే లెక్క. మూడు దాటాక ఎంత వాంతయినా వచ్చేది అన్నం, నీళ్ళే. రాత్రి తొమ్మిదికి వేసుకుని తెల్లవారి ఆరుకి తల తిరిగి వాంతి చేసుకుంటే దిగులు అక్కర్లేదు. వాంతిలో బిళ్ళ కనబడలేదని ధైర్యపడటం మాత్రం పొరపాటు. అది ఎప్పుడో ముక్కలై కలిసిపోయి ఉంటుంది. గడియారం చూడాలి గానీ వాంతిని వెతకడం దండగ.

కిందటి ఏడాది కనుమ మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి ఫోన్ చేసింది. బొబ్బిలి వైపు పల్లె, వైజాగ్‌లో ఉద్యోగం, పండక్కి భర్తతో పుట్టింటికి వచ్చింది. మాల-ఎన్ లాంటి పేకెట్టే: 21 తెల్ల బిళ్ళలు, తర్వాత ఏడు ఐరన్ బిళ్ళలు. రోజూ రాత్రి తొమ్మిదికి వేసుకుంటుంది. కనుమ రాత్రి వేసుకోవాల్సింది కొత్త పేకెట్లో రెండో తెల్ల బిళ్ళ. తొమ్మిదికి వేసుకుంది, పది ఇరవైకి వాంతయింది. వేసుకున్నాక గంటా ఇరవై నిమిషాలు, కాబట్టి ఆ బిళ్ళ పోయినట్టే.

"ఏటి చెయ్యాల మేడమ్, ఇప్పుడు రెండేసుకోనా?" అంది. ఒక్కటి చాలు, ఇప్పుడే వేసుకోమన్నాను. ఎనిమిదింటికి వేసుకుంది. ఎనిమిదిన్నరకి మళ్ళీ వాంతి. ఖాళీ కడుపుతో, మొహం కడుక్కోగానే మింగేసింది మరి. తప్పు నాదీ ఉంది, ముందు కడుపు కుదుటపడనీయమని చెప్పి ఉండాల్సింది. ఈసారి అలాగే చెప్పాను: ఓఆర్ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా తాగి, కాస్త గంజి అన్నం తిని, గంటసేపు ఏమీ బయటికి రాలేదంటే అప్పుడు వేసుకో. మధ్యాహ్నం పన్నెండుకి వేసుకుంది, అది నిలిచింది. రాత్రి తొమ్మిదికి మామూలు బిళ్ళ మామూలుగానే.

లెక్క చూడండి. తొమ్మిదికి పడాల్సిన బిళ్ళ మర్నాడు పన్నెండుకి పడింది, అంటే పదిహేను గంటల ఆలస్యం. ఒక రోజుకన్నా తక్కువే కాబట్టి ఆమెకి కండోమ్ కూడా అవసరం లేకపోయింది. రెండు రోజుల బిళ్ళలు అలా పోయి ఉంటే కథ మారేది. అప్పుడు వరసగా ఏడు బిళ్ళలు పడేవరకు కండోమ్ వాడాలి.

ఆమె విషయంలో నేను కొంచెం ఎక్కువ జాగ్రత్తపడటానికి కారణం అది పేకెట్టు మొదట్లో జరగడమే. ఐరన్ బిళ్ళల వారంలో హార్మోన్ ఏమీ ఉండదు. ఏడు రోజుల విరామం వరకు అండాశయం నిద్రలోనే ఉంటుంది, అంతకు మించితే మేలుకోవడం మొదలెడుతుంది. అందుకే ఐరన్ వారానికి అటూ ఇటూ ఉన్న తెల్ల బిళ్ళలు పోతేనే ప్రమాదం ఎక్కువ. పేకెట్టు మధ్యలో ఒకటి పోతే అంత నష్టం లేదు. మొదటి వారంలో రెండు మూడు పోయి, ఆ రోజుల్లో గానీ అంతకు ముందు ఐదు రోజుల్లో గానీ భార్యాభర్తలు కలిసి ఉంటే, కలిసిన 72 గంటల లోపు వేసుకునే అత్యవసర బిళ్ళ గురించి డాక్టరునో ఏఎన్ఎంనో అడగాలి. ఆ బిళ్ళకీ వాంతి లెక్క ఇదే: మూడు గంటల లోపు వస్తే మళ్ళీ వేసుకోవాలి. మూడో వారంలో రెండు మూడు పోతే ఐరన్ బిళ్ళలు పక్కన పెట్టి నేరుగా కొత్త పేకెట్ మొదలెట్టాలి. ఐరన్ బిళ్ళ వాంతయితే మాత్రం ఏమీ చెయ్యక్కర్లేదు.

అదనపు బిళ్ళ ఎక్కణ్ణుంచి తీయాలి? ఇంకో పేకెట్టు ఉంటే దాన్లోంచి, అదే హాయి. అందుకే ఊరికి బయల్దేరేవాళ్ళకి రెండు పేకెట్లు ఇస్తాను. ఆ అమ్మాయి దగ్గర లేదు, అదే పేకెట్టు తెల్లవాటిలో చివర్నుంచి రెండు తీసింది. దాంతో తెల్లవి రెండు రోజుల ముందే అయిపోయాయి. వెంటనే ఐరన్ బిళ్ళలు మొదలెట్టి, ఏడు అవగానే కొత్త పేకెట్ అందుకుంది. మొదలెట్టే రోజు మారింది అంతే, విరామం ఏడు రోజులే ఉంది.

ఈసారి కనుమకి ఆమెకి ఇంకో ఉపాయం చెప్పాను. తాగడం సాయంత్రం ఏడింటికి మొదలయ్యేట్టయితే బిళ్ళ నాలుగింటికే వేసేసుకోమని. మొదటి గ్లాసు ఎత్తేసరికే మూడు గంటలు గడిచిపోతాయి. మర్నాటి నుంచి మళ్ళీ తొమ్మిదికే. ఒక రోజు కొన్ని గంటలు అటూ ఇటూ అయినా మాల-ఎన్ లాంటి రెండు హార్మోన్ల బిళ్ళ తట్టుకుంటుంది. పాలిచ్చే తల్లులకి రాసే ఒకే హార్మోన్ బిళ్ళకి ఇంత వెసులుబాటు ఉండదు, వాళ్ళు పేకెట్టు మీద రాసిన గడువు చూసుకోవాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఛాయ బిళ్ళది పూర్తిగా వేరే పద్ధతి, ఈ లెక్కలు దానికి పెట్టకండి.

పండగ పిండివంటలు, మాంసం కలిసి విరేచనాలు పట్టుకుంటే ఒకటి రెండు సార్లకి భయపడక్కర్లేదు. వాంతులో, నీళ్ళ విరేచనాలో రోజంతా ఆగకపోతే బిళ్ళలు వేసుకుంటున్నా మర్చిపోయినట్టే లెక్కేసి, ఆ రోజుల్లోనూ, తగ్గాక ఏడు రోజులూ కండోమ్ వాడండి.

ఐరన్ బిళ్ళల వారంలో నెలసరి రాకపోతే కొత్త పేకెట్ మొదలెట్టడం ఆలస్యం చెయ్యకుండానే, పొద్దున్న తొలి మూత్రంతో కిట్ చూసుకోండి. ఆ అమ్మాయికి మూడో ఐరన్ బిళ్ళ రోజే వచ్చేసింది.