పార్సిల్ పోతే కొరియర్ కంపెనీకి క్లెయిమ్ లెటర్ ఎలా రాయాలి?

పార్సిల్ పోయిందని నాకు చూపించే లెటర్లలో దాదాపు అన్నీ "నా పార్సిల్ ఎక్కడుందో దయచేసి తెలపగలరు" అని ముగుస్తాయి. అలా అడిగితే "వెతుకుతున్నాం సార్" అని జవాబొస్తుంది, మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. వాళ్ళ లెక్కలో అది ఎంక్వయిరీ, క్లెయిమ్ కాదు. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అంతే. నష్టం ఎంతో అంకె వేసి, ఆ డబ్బు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగినప్పుడే అది క్లెయిమ్.

ముందు కాగితాలు: బుకింగ్ రసీదు, వస్తువు బిల్లు, ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే దాని పత్రం, ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ ఈరోజే తీసుకోండి, పాత ఎంట్రీలు ఎప్పుడూ అలాగే ఉంటాయని నమ్మకండి. రసీదు వెనక చిన్న అక్షరాల్లో క్లెయిమ్ గడువు ఉంటుంది, అదీ చూడండి. కంపెనీతో ఒప్పందం సాధారణంగా పంపినవాళ్ళది కాబట్టి లెటర్ వాళ్ళ పేరు మీదే వెళ్ళాలి. సబ్జెక్ట్ లైన్‌లో రసీదు నంబరు, "పోయిన పార్సిల్‌కు క్లెయిమ్" అన్న మాట ఉండాలి. లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. మీరు పడ్డ టెన్షన్, వాళ్ళ సిబ్బంది దురుసుతనం ఇందులో వద్దు, వాటికి విడిగా ఇంకో లెటర్ రాసుకోండి.

ఇక అందరూ తప్పు చేసేది విలువ దగ్గర. డిక్లేర్డ్ వాల్యూ, ఇన్సూరెన్స్ ఒకటే అనుకుంటారు. కావు. బుకింగ్ అప్పుడు మీరు చెప్పిన విలువ కొరియర్ బాధ్యతకు పైహద్దు, అంతే. అంతకు మించి ఇవ్వరు, అసలు నష్టం తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. విలువేమీ చెప్పకపోతే వాళ్ళ నిబంధనల్లో ఉండే చిన్న మొత్తమో, కిలోకి ఇంత అన్న లెక్కో వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ అనేది ప్రీమియం కట్టి తీసుకున్న వేరే ఒప్పందం, చాలాసార్లు డబ్బిచ్చేది కూడా వేరే కంపెనీ. రసీదు మీద విలువ రాసి ఉన్నంత మాత్రాన ఇన్సూరెన్స్ ఉన్నట్టు కాదు, ప్రీమియం గడిలో అంకె ఉందో లేదో చూడండి.

ఉదాహరణకు, మూడేళ్ళ క్రితం 32,000కి కొన్న కెమెరా లెన్స్‌ని 20,000కి అమ్మి, అదే విలువ డిక్లేర్ చేసి, అంతకే ఇన్సూరెన్స్ చేసి పంపారు. మీ నష్టం 20,000. కొత్త ధర 32,000 అని రాస్తే రసీదుతో పొంతన కుదరక, ఫైలు "అదనపు పత్రాలు కావాలి" అన్న గూట్లో పడుతుంది. చార్జీ మిగులుతుందని 5,000 అని డిక్లేర్ చేసి ఉంటే కొరియర్ దగ్గర మీ హద్దు 5,000. ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. లెటర్‌లో అసలు పేరా ఇలా ఉంటే చాలు:

"4వ తేదీన బుక్ చేసిన పై నంబరు పార్సిల్ 8వ తేదీకి అందాలి. 6వ తేదీన హబ్‌లో స్కాన్ అయ్యాక మరే కదలికా లేదు. అందులో ఉన్నది ఒక కెమెరా లెన్స్, డిక్లేర్ చేసిన విలువ 20,000. అమ్మకం బిల్లు, డబ్బు అందిన ఆధారం జతచేశాను. పార్సిల్ పోయినట్టు పరిగణించి 20,000 చెల్లించాలని క్లెయిమ్ చేస్తున్నాను. డెలివరీ కాలేదని ధ్రువీకరిస్తూ 7 రోజుల్లో లెటర్ ఇవ్వండి. ఇన్సూరెన్స్ కంపెనీ హక్కులకు భంగం లేకుండా ఈ క్లెయిమ్ చేస్తున్నాను."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. డెలివరీ కాలేదన్న ఆ లెటర్ లేకుండా ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ఫైలు ముందుకు కదలడం కష్టం. ఇక హక్కుల సంగతి: ఇన్సూరెన్స్ కంపెనీ మీకు డబ్బిచ్చాక, ఆ డబ్బు కొరియర్ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి వస్తుంది. ఈలోగా కొరియర్ వాళ్ళు ఏ 1,000 రూపాయలో చేతిలో పెట్టి "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టారంటే ఆ హక్కు మీరే చంపేసినట్టు, ఆ కారణంతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. నేనూ ఒకసారి పోనీలే అని పెట్టాను, ఆ చిన్న మొత్తంతోనే సరిపెట్టుకున్నాను. అంగీకరించాలనిపిస్తే ముందు ఇన్సూరెన్స్ వాళ్ళను రాతలో అడగండి. రెండు చోట్లా పూర్తి డబ్బు తీసుకోవడం కుదరదు, ఒకరిచ్చింది ఇంకొకరికి చెప్పాల్సిందే.

లెటర్ ఈమెయిల్లో పంపి, అదే కాపీ రసీదు వచ్చే పోస్టులో కూడా వేయండి. వాళ్ళ యాప్‌లో ఫారం నింపితే చాలంటారు కానీ, అందులో మీరేం రాశారో మీ దగ్గర కాపీ మిగలకపోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు తెలపండి, కొరియర్ జవాబు కోసం ఆగకండి. వాళ్ళ గడువు వేరు, అది అప్పటికే నడుస్తూ ఉండొచ్చు.