పాత మోడల్ ఐఫోన్ ఎప్పుడు కొనాలంటే

ఐఫోన్ కొనాలనుకునేవాళ్లు ఆగస్టులో తొందరపడొద్దండి. సాధారణంగా సెప్టెంబరులో కొత్తది దిగగానే పోయినేటి మోడల్ అసలు ధరే తగ్గిపోతుంది. 2023లో 79,900కి వచ్చిన ఐఫోన్ 15, మరుసటేడు 16 రాగానే 69,900 అయింది. దసరా ముందు వచ్చే ఆన్‌లైన్ సేల్‌లో ఇంకా దిగుతుంది. ఆ ధర స్క్రీన్‌షాట్ తీసుకెళ్లి తిరుపతిలో మీకు తెలిసిన షాపులో చూపించి అడగండి, కొందరు దాని దగ్గరికొస్తారు.

ఒకటి మాత్రం జాగ్రత్త. ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసే ధరలో బ్యాంకు కార్డు తగ్గింపు, పాత ఫోన్ ఎక్స్‌ఛేంజీ కూడా చాలాసార్లు కలిపేసి ఉంటాయి. మీకు ఆ కార్డు లేకపోతే అవి తీసేసి లెక్కేసుకోండి. ఇంకా తగ్గుతుందని దీపావళి దాటేదాకా ఆగితే కావాల్సిన రంగు, స్టోరేజీ దొరక్కపోవచ్చు.

మూడేళ్ల పాత మోడల్ ఎంత చవకైనా వద్దనే అంటాను. అప్‌డేట్ల లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి.