మూడంతస్తుల ఇంట్లో మెష్ వైఫై: నోడ్ల మధ్య కేబుల్ ఎక్కడ వేయాలి, ట్రై బ్యాండ్ ఎక్కడ పనికొస్తుంది?

మెష్ సెట్ కొని అంతస్తుకొక నోడ్ పెట్టాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనబడతాయి. అయినా పై గదిలో వీడియో ఆగి ఆగి వస్తుంది. ఆ గీతలు చూపించేది ఫోన్‌కీ, పక్కనున్న నోడ్‌కీ మధ్య సిగ్నల్‌ని మాత్రమే. ఆ నోడ్ నుంచి కింద రౌటర్ దాకా ఉన్న లింకు ఎలా ఉందో అవి చెప్పవు. ఈ లింకునే బ్యాక్‌హాల్ అంటారు. పెద్ద ఇంట్లో స్పీడు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. కింది హాల్లో ఫైబర్ కనెక్షన్, 300 ఎంబీపీఎస్ ప్లాన్. మొదటి అంతస్తులో పడకగదులు, ఆ పైన డాబా మీద ఒక గది. ఒక్కో అంతస్తుకు ఒక నోడ్.

ముందు కాగితం మీద లెక్క వేయండి

వైఫై రేడియో ఒక క్షణంలో వినగలదు, లేదా పంపగలదు. రెండూ ఒకేసారి చేయలేదు. ఒకే ఛానెల్ మీదున్న నోడ్లన్నీ వంతులవారీగా మాట్లాడుకోవాల్సిందే. డ్యూయల్ బ్యాండ్ మెష్‌లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒకటి, వేగమైన 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటాయి. కింది నోడ్ నుంచి డేటా తీసుకోవడానికీ, దాన్ని మీ ఫోన్‌కు అందించడానికీ ఆ 5 గిగాహెర్ట్జ్ రేడియోయే దిక్కు.

రెండు నోడ్ల మధ్య, నోడ్‌కీ ఫోన్‌కీ మధ్య కూడా, నిజంగా 400 ఎంబీపీఎస్ వస్తోందనుకోండి. మొదటి అంతస్తులో ఉన్న ఫోన్‌కు ప్రతి డేటా ముక్కా రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి. కాబట్టి మిగిలేది 200. డాబా గదికి అదే ముక్క మూడుసార్లు వెళ్లాలి కాబట్టి సుమారు 133. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ కూడా అదే రేడియో మీద ఉంటాయి కాబట్టి అసలు అంకె ఇంకా తగ్గుతుంది.

ట్రై బ్యాండ్‌లో మూడో రేడియో ఉంటుంది. అది రెండో 5 గిగాహెర్ట్జ్ కావచ్చు, కొత్త మోడళ్లలో 6 గిగాహెర్ట్జ్ కావచ్చు. దాన్ని బ్యాక్‌హాల్‌కు విడిగా కేటాయిస్తే, నోడ్ ఒక రేడియో మీద కింది నుంచి డేటా తీసుకుంటూనే ఇంకో రేడియో మీద ఫోన్‌కు ఇవ్వగలదు. అప్పుడు మొదటి అంతస్తులో 300 ప్లాన్ మొత్తం అందుతుంది. డాబా గదికి మాత్రం మధ్య నోడ్ అదే బ్యాక్‌హాల్ రేడియో మీద తీసుకుని, అదే రేడియో మీద పైకి పంపాలి. కాబట్టి అక్కడ 200 వస్తుంది. 133 కంటే ఇది నయమే, కానీ నోడ్ల మధ్య రెండో వైర్‌లెస్ లింకు దగ్గర ట్రై బ్యాండ్ కూడా సగం వదులుకుంటుందని గుర్తుంచుకోండి.

ఇంకో హద్దు కూడా ఉంది. ఇనుప చువ్వలున్న ఆర్‌సీసీ స్లాబు దాటేసరికి నోడ్ల మధ్య లింకే 80కి పడిపోతే, ట్రై బ్యాండ్ ఇచ్చేదీ ఆ 80 లోపే. 6 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 5 కంటే బలహీనం కూడా. అందుకే నా సలహా ఒక్కటే: స్లాబు దాటే మొదటి లింకుకు కేబుల్ వేయండి. కేబుల్ వెళ్లలేని చోటికి ట్రై బ్యాండ్ ఉంచుకోండి.

కేబుల్ లాగడం

చాలా ఇళ్లలో పాత కేబుల్ టీవీ కోసమో, ల్యాండ్‌లైన్ కోసమో గోడలో వేసిన పైపు ఖాళీగా ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో స్టీలు స్ప్రింగ్ పంపించి అది పై అంతస్తు దాకా తెరిచి ఉందో లేదో చూపించండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం నెట్‌వర్క్ కేబుల్ వేయకండి. అది ప్రమాదం, పైగా డేటాకు అంతరాయం. పైపు లేకపోతే బయట గోడ మీదుగా, ఎండకూ వానకూ తట్టుకునే ఔట్‌డోర్ కేబుల్ వేయవచ్చు.

క్యాట్ 6 తీసుకోండి, పూర్తి రాగి తీగదే. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవగ్గా వస్తుంది కానీ క్రింపింగ్ దగ్గర తేలిగ్గా విరుగుతుంది. 100 మీటర్ల లోపు గిగాబిట్‌కు ఇబ్బంది లేదు, ఇంట్లో అంత దూరం ఎలాగూ రాదు.

అసలు జాగ్రత్త కనెక్టర్ దగ్గర కావాలి. లోపల ఎనిమిది తీగలుంటాయి. రెండు చివర్లా ఒకే వరుస ఉండాలి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. అందుకే నీలం జతో గోధుమ జతో సరిగా తగలకపోయినా కనెక్షన్ సాధారణంగా ఆగదు, చడీచప్పుడూ లేకుండా 100కి దిగిపోతుంది. కేబుల్ వేశాక స్పీడు ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే అనుమానం ఇక్కడే పెట్టుకోండి. కనెక్టర్ మళ్లీ వేయించండి. అప్పటికీ మారకపోతే నోడ్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది కావచ్చు. చవక సెట్లలో అలాంటివి ఉంటాయి, కొనేముందే పోర్టు గిగాబిట్‌దో కాదో చూసుకోవాలి.

కలపడం

నోడ్లను ముందు పక్కపక్కన పెట్టి యాప్‌లో జత చేయండి. తర్వాత రెండోదాన్ని పైకి తీసుకెళ్లి కేబుల్ గుచ్చండి. ఆ కేబుల్ రెండో చివర మొదటి నోడ్ లాన్ పోర్టులోకి వెళ్లాలి. పోర్టులు చాలకపోతే ఆ నోడ్ వెనుక ఒక గిగాబిట్ స్విచ్ పెట్టండి. చాలామంది పోర్టు ఖాళీగా ఉంది కదా అని ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బాకే గుచ్చేస్తారు. మొదటి నోడ్ రౌటర్ మోడ్‌లో ఉంటే అప్పుడు రెండు నోడ్లూ రెండు వేరే నెట్‌వర్కుల్లో పడతాయి, మెష్ తెగుతుంది. కంపెనీ డబ్బాయే రౌటర్ పని చేస్తుంటే మెష్‌ను `Access Point` మోడ్‌లోకి మార్చి, ఆ డబ్బాలోని వైఫైని ఆపేయండి.

డాబా గదికి కేబుల్ వెళ్లదనుకుందాం. మొదటి అంతస్తు నోడ్‌కు కేబుల్ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు నోడ్ల మధ్య గాలిలో వెళ్లాల్సిన లింకు ఒక్కటే. ట్రై బ్యాండ్‌తో అక్కడా 300 నిలుస్తుంది, డ్యూయల్ బ్యాండ్ అయినా 200 వస్తుంది. పై నోడ్‌ను గది చివర కాకుండా మెట్ల వైపు పెట్టండి. మెట్ల దారిలో స్లాబు ఉండదు, సిగ్నల్ ఆ ఖాళీలోంచే తేలిగ్గా పైకి వస్తుంది. యాప్ నోడ్ల మధ్య సిగ్నల్ చూపిస్తే -60 డీబీఎం దగ్గరుంటే బాగున్నట్టు. -70 దాటి పడిపోతే నోడ్‌ను ఇంకాస్త మెట్ల దగ్గరికి జరపండి.

కొలవడం

ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే ఇంటర్నెట్, బ్యాక్‌హాల్, ఫోన్ వైఫై మూడూ కలిసిపోతాయి. బ్యాక్‌హాల్‌ని విడిగా చూడాలంటే రెండు ల్యాప్‌టాప్‌లలో స్పీడు కొలిచే `iperf3` ప్రోగ్రాం వేసుకుని, ఒకదాన్ని కింది నోడ్‌కు, ఇంకోదాన్ని పై నోడ్‌కు చిన్న కేబుళ్లతో కలపండి. కింది దాంట్లో:

```
iperf3 -s
```

పై దాంట్లో, కింది ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఇచ్చి:

```
iperf3 -c 192.168.1.10 -R
```

`-R` పెడితే డేటా కింది నుంచి పైకి వస్తుంది, మీ డౌన్‌లోడ్ దిశ అదే. కేబుల్ బ్యాక్‌హాల్ సరిగా ఉంటే 940 చుట్టూ చూపిస్తుంది. వైర్‌లెస్ లింకుకు మీ ప్లాన్ కంటే ఎక్కువ వస్తే చాలు, నోడ్ అక్కడే ఉంచండి. రాత్రి అపార్ట్‌మెంట్లలో అందరి వైఫైలూ నడిచే వేళ ఒకసారి మళ్లీ చూడండి. పగటి అంకెతో పోలిస్తే బాగా తగ్గిందంటే పక్కింటి రౌటర్ మీ బ్యాక్‌హాల్ ఛానెల్ మీదే ఉండవచ్చు. మీ యాప్ అనుమతిస్తే ఆ ఛానెల్ మార్చండి.